"ఆర్తోగోనల్ డీప్రొటెక్షన్"ని తెలుగులో ఏమందాం?

కందుకూరు టీచర్: ఎమ్మెస్సీ పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నా. అణువులో ఒక భాగం చర్యలో పాల్గొనకుండా తాత్కాలికంగా కప్పి ఉంచే ప్రొటెక్టింగ్ గ్రూపుని "రక్షక సమూహం" అన్నాను, దాన్ని తీసెయ్యడమే డీప్రొటెక్షన్. ఆర్తోగోనల్‌కి లెక్కల్లోంచి "లంబ" తెచ్చి పెడితే, పిల్లలు బొమ్మలో 90 డిగ్రీల కోణం వెతుకుతున్నారు. ఇంకో మాట ఉందా?

గుండ్లకమ్మ: రక్షక సమూహం అంటే మావైపు రాత్రి గస్తీ తిరిగేవాళ్ళు అనుకుంటారు సార్. "ముసుగు" అనండి. ఆర్తోగోనల్‌కి "అంచెలవారీ" చాలు. ఒక ముసుగు మామూలు ఆమ్లానికి పోతుంది, ఇంకోటి గట్టి ఆమ్లానికి.

పినాకిని: ముసుగు బాగుంది. అంచెలవారీ మాత్రం వేరే సంగతన్నా. మీరు చెప్పింది బాక్, బెంజైల్ జోడీ. రెండూ ఆమ్లానికే లొంగుతాయి, తేడా బలంలోనే. టీఎఫ్ఏ అనే ఆమ్లంతో బాక్ తీసిన ప్రతిసారీ బెంజైల్ కూడా రవ్వంత రాలుతుంది. పెప్టైడ్ పొడుగయ్యేకొద్దీ ఆ రవ్వంతే కొంప ముంచుతుంది. 1977లో బరానీ, మెరిఫీల్డ్ ఆర్తోగోనల్ అన్నది దీనికి భిన్నమైనదాన్ని: ఒక్కో ముసుగు ఒక్కో రకం చర్యకు పోవాలి, ఏది ముందు తీసినా రెండోది కదలకూడదు.

లైసీన్ చూడండి, రెండు అమీన్లు. ఆల్ఫా అమీన్ మీద ఎఫ్‌మాక్, తోక చివరిదాని మీద బాక్. డీఎంఎఫ్ ద్రావణిలో 20 శాతం పిపెరిడీన్ అనే క్షారం కలిపి 20 నిమిషాలుంచితే ఎఫ్‌మాక్ పోతుంది. క్షారం లాగేసే హైడ్రోజన్ ఎఫ్‌మాక్‌లో ఉంది, బాక్‌లో అట్టాంటిది లేదు, అందుకని బాక్ ఉలకదు. తిరగేసి టీఎఫ్ఏ, డీసీఎం సమపాళ్ళలో మంచు మీద మొదలుపెట్టి గంట కలిపితే బాక్ పోయి ఎఫ్‌మాక్ నిలుస్తుంది.

కోవూరు కుర్రోడు: అన్నా, నాదీ అదే కేసు. బాక్ పోయింది, టీఎల్‌సీలో పాత మచ్చ లేదు. తర్వాత ఆ అమీన్‌కి ఇంకో ముక్కని అతికించే కప్లింగ్ మాత్రం అవ్వడంలా. ముసుగు మళ్ళీ కప్పుకుందంటావా?

పినాకిని: మళ్ళీ ఎట్టా కప్పుకుంటుంది? అది ఐసోబ్యూటిలీన్, కార్బన్ డయాక్సైడ్ అయి బుడగలుగా ఎగిరిపోయింది. అందుకే ఆ ఫ్లాస్కుకి మూత బిగించకూడదు. నీ అమీన్ టీఎఫ్ఏ లవణంగా కూర్చుంది, ప్రోటాన్ పట్టుకున్న నత్రజని దేన్నీ ముట్టుకోదు. టీఎఫ్ఏని బాగా ఆవిరి చేసి డైఐసోప్రొపైల్ఇథైల్అమీన్ వెయ్యి: లవణానికో ఈక్వివలెంటు, కప్లింగుకో ఈక్వివలెంటు. తడి పీహెచ్ కాగితం మీద ఒక చుక్క పెట్టి చూడు, ఎర్రబడితే ఆమ్లం ఇంకా మిగిలుందన్నమాట. క్షారం వేశాక రాత్రంతా వదిలెయ్యబాక, విడుదలైన అమీనే పక్కనున్న ఎఫ్‌మాక్‌ని మెల్లగా కొరుకుతుంది.

గుండ్లకమ్మ: సరే, బాక్ బదులు సీబీజెడ్ పెడితే? దాన్ని హైడ్రోజన్‌తో తీస్తారుగా, రకమే వేరు.

పినాకిని: కాగితం మీద వేరే. పల్లాడియం కార్బన్ మీద హైడ్రోజన్ పెడితే ఎఫ్‌మాక్ కూడా పోవచ్చు. జోడీగా చూస్తేనే ఆర్తోగోనల్, ఒంటరిగా ఏ ముసుగూ కాదు. మాటలో "పరస్పరం" ఉండాల్సిందే.

కందుకూరు టీచర్: "పరస్పర నిరపేక్ష విమోచన" అందామా?

గుండ్లకమ్మ: నోరు తిరగదు సార్. "ఒకదాని జోలికి ఒకటి పోని ముసుగులు" అంటే ఏం పోయింది?

కందుకూరు టీచర్: పరీక్షలో అట్టా రాస్తే మార్కులెవరేస్తారు?