41 బడుల పేర్లు బార్ చార్టులో పట్టడం లేదు, లాలీపాప్ పెడితే సరిపోతుందా?

నాగావళి గట్టు: మధ్యాహ్నం నుంచి ఇదే పని, ఇంకా తెమలలేదు. 41 బడులను హాజరు ప్రకారం వరుసలో చూపించాలి. పేర్లు చాలా పొడుగు. కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, ఏటవాలుగా తిప్పితే చదవలేకపోతున్నాం. లాలీపాప్ చార్టు పెట్టమని ఒకరన్నారు. ఎలా పెట్టాలి? సోమవారం నరసన్నపేటలో మీటింగు, టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి వీణ: అడ్డం బార్లు పెట్టండి. పెద్దది పైన.

నాగావళి గట్టు: పెట్టానండి. ఒక పేరు వస్తే ఇంకో పేరు ఎగిరిపోతోంది. పైగా బార్లన్నీ ఒకే పొడుగులా ఉన్నాయి.

కోట జంక్షన్: డాట్ ప్లాట్ మాత్రం వద్దు. అందులో ఒక్కో విద్యార్థికి ఒక్కో చుక్క పెట్టి గుట్టలా పేరుస్తారు. డిగ్రీలో మాకు అదే చెప్పారు. ర్యాంకులకు అది పనికిరాదు.

వంశధార ఒడ్డు: మీరు చెప్పేదీ డాట్ ప్లాటే మాస్టారూ, కానీ ఆ పేరుతో ఇంకోటి కూడా ఉంది. వరుసకు ఒక్క చుక్క పెట్టేది. 1984లో విలియమ్ క్లీవ్‌లాండ్ రాసింది దాని గురించే. నాగావళి గారూ, అన్నిటికంటే తక్కువ ఎంత, ఎక్కువ ఎంత? దేంట్లో చేస్తున్నారు? పేర్లు ఒకటి రెండు రాయండి.

నాగావళి గట్టు: ఎక్సెల్. తక్కువ 81 శాతం, ఎక్కువ 96. పేర్లు ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఫలానా ఊరు’ అని ఉంటాయి. ఆరేడు గురుకులాలు ఉన్నాయి.

పార్వతీపురం దారి: మా బడిలో నాట్ల రోజుల్లో హాజరు పడిపోతుంది. పిల్లలు పొలానికి పోతారు. ఏ నెల లెక్కో చెప్పకుండా బడులను వరుసలో పెట్టడం అన్యాయం కదా?

వంశధార ఒడ్డు: ఆ మాట చార్టు కింద రాయాల్సిందే. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ముప్పై పైచిలుకు వరుసల్లో ఒకే మాట ఉంటే దాన్ని ప్రతిసారీ రాయక్కర్లేదు. ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ను చార్టు శీర్షికలోకి తీసుకెళ్లి, వరుసలో ఊరు పేరు మాత్రం ఉంచండి. గురుకులాలకు ‘గురుకులం’ అని చేర్చండి. పొడుగు గొడవ చాలావరకు అక్కడే తీరుతుంది. పేర్లు ఎగిరిపోవడానికి కారణం, చోటు చాలదని ఎక్సెల్ తనంతట తానే వదిలేయడం. Format Axis లో Labels కింద Specify interval unit ని 1 చేసి, చార్టు ఎత్తు పెంచండి.

ఇక బార్లు. సున్నా నుంచి 100 దాకా 16 సెంటీమీటర్లు ఇస్తే, మీ మొదటి బడికీ చివరి బడికీ తేడా 2.4 సెంటీమీటర్లే. మధ్యలో ఉన్నవన్నీ ఒకేలా కనిపిస్తాయి. అలాగని బార్లను 75 నుంచి మొదలుపెడితే ఒకటి 6 పాళ్లు, ఇంకోటి 21 పాళ్లు అవుతుంది. చూసేవారు మూడున్నర రెట్లు అనుకుంటారు. బారును కన్ను పొడుగుతో కొలుస్తుంది. చుక్కను అదెక్కడ ఉందో చూసి చదువుతుంది. అందుకే చుక్కలకు 75 నుంచి మొదలుపెట్టినా తప్పు లేదు.

కోట జంక్షన్: మరి లాలీపాప్ అంటే అదేగా? పుల్ల తగిలించిన చుక్క.

వంశధార ఒడ్డు: పుల్లతోనే చిక్కు. పుల్లకు పొడుగు ఉంది, కాబట్టి అది సన్నబారే. సున్నా నుంచి మొదలవ్వాలి. 75 నుంచి మొదలుపెట్టాలంటే పుల్ల తీసేసి, లేత గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగండి. అప్పుడది వరుస పట్టుకోవడానికే ఉంటుంది.

ఎక్సెల్‌లో ఇలా చేయండి. శాతం X, వరుస సంఖ్య Y (పై బడికి 41, కింది బడికి 1). స్కాటర్ చార్టు వేసి, అడ్డం అక్షానికి Minimum 75 పెట్టండి. నిలువు అక్షానికి 0 నుంచి 42, Major unit 1 పెట్టి, దాని అంకెలు తీసేయండి. అడ్డం గ్రిడ్‌లైన్లు సరిగ్గా చుక్కల మీదుగా పోతాయి. పేర్ల కోసం అన్నిటికీ X = 75, అదే Y ఉన్న రెండో సిరీస్ వేయండి. దానికి గుర్తు వద్దు. దాని Data Labels లో Value From Cells ఎంచుకుని ఊర్ల వరుస చూపించి, స్థానం Left పెట్టండి. చోటు చాలకపోతే Plot Area ఎడమ అంచును లోపలికి జరపండి.

నాగావళి గట్టు: ఆఫీసులో 2010. Value From Cells కనిపించడం లేదు.

వంశధార ఒడ్డు: అది 2013 నుంచే. ఇంట్లో కొత్తది ఉంటే అందులో చేయండి.

పార్వతీపురం దారి: ఒక్క మాట. 91.3కీ 91.4కీ మధ్య ర్యాంకు ఏమిటండి? 60 మంది ఉన్న బడిలో ఇద్దరికి జ్వరమొస్తే ఆ రోజు 3 శాతం పోతుంది.

బొబ్బిలి వీణ: ర్యాంకు అంకెలు తీసేయండి.

కోట జంక్షన్: అంకెలు లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు.

నాగావళి గట్టు: తమ్ముడి ల్యాప్‌టాప్‌లో వచ్చిందండి. పేర్లన్నీ కనిపిస్తున్నాయి. థాంక్స్. ర్యాంకు సంగతి మేడంగారిని అడగాలి.