పక్క నుంచి తీసిన స్లైడ్ ఫోటోలో పట్టిక అంకెలు ఎలా రాబట్టాలి?

అందరికీ నమస్కారం. కావలిలో రొయ్యల రైతుల సదస్సుకు వెళ్లాను. హాలు చివర ఎడమ మూల నుంచి మేత పట్టిక స్లైడ్‌ని ఫోటో తీశాను. GIMP లో Perspective టూల్ పెట్టి, Corrective ఎంచుకుని, తెర నాలుగు మూలలూ పట్టి సరిచేశాను. గళ్లు నిటారుగా వచ్చాయి కానీ, దూరంగా ఉన్న కుడివైపు నిలువు వరుసలు సాగి మసకబారాయి. దశాంశ చుక్కలు పోయాయి.

ఒక వరుసలో లక్ష రొయ్యలు, సగటు బరువు 10 గ్రాములు, రోజుకు మేత 35 కిలోలు అని ఉంది. శాతం గడిలో 35 లాగా కనిపిస్తోంది. మొత్తం బరువు 1000 కిలోలు కాబట్టి అది 3.5 అయి ఉండాలి. ఇలా చాలా వరుసలు సరిచూసుకున్నాను.

కింది రెండు వరుసల్లో మాత్రం శాతం, కిలోలు రెండూ చెదిరిపోయాయి. లెక్క కట్టడానికి ఆధారం లేదు. పై వరుసల తీరు చూసి ఊహించి రాస్తే చెరువులో మేత ఎక్కువై నీళ్లు పాడవుతాయని భయంగా ఉంది. అదే స్లైడ్‌వి మరో మూడు ఫోటోలు ఉన్నాయి, అన్నీ కొంచెం కదిలినవే. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తే అంకెలు తేలతాయా? పేర్చాల్సింది మూలలు సరిచేయక ముందా, తర్వాతా? చేసి చూసినవాళ్లు చెప్పండి.