12 అడుగుల గదికి డీహ్యూమిడిఫయర్: 12 లీటర్లదా, 20 లీటర్లదా? నీళ్ళు ఎటు పంపాలి?

ఎండాడ కొండవాలు
12×12 గది, ఎత్తు 10 అడుగులు, పక్కనే అటాచ్డ్ బాత్‌రూమ్. రెండు చెక్క బీరువాలు, ఒక గోడంతా పుస్తకాలు. వానాకాలంలో కిటికీలు మూసినా తేమ మీటరు 82 శాతం దాటే చూపిస్తోంది, అట్టలమీద తెల్ల బూజు. షాపువాళ్ళు 20 లీటర్లది అంటున్నారు. ఆన్‌లైన్‌లో 12 లీటర్లది "200 చదరపు అడుగులకు చాలు" అని ఉంది. ఏది నమ్మాలి? 40 శాతం దగ్గర సెట్ చేసి వదిలేస్తే సరిపోతుందా?

ఏసీ ఉండగా ఎందుకు
డబ్బు దండగండీ. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి, అదే పని చేస్తుంది. లోపల కాయిల్ ఒకటే, నీళ్ళు బయటికి పోయే పైపు కూడా ఉంది.

కేపిలరీ ట్యూబ్
పై మాట సగం నిజం. మనిషి పడుకునే గదికి, మే-జూన్ ఉక్కపోతలో ఏసీయే మేలు, ఎందుకంటే వేడిని బయట పారేస్తుంది. కానీ ఆగస్టు ముసురులో గది 26 డిగ్రీలకు దిగాక డ్రై మోడ్ కంప్రెసర్ని ఎక్కువసేపు ఆపే ఉంచుతుంది. ఆ సమయంలో ఫ్యాన్ తిరిగితే కాయిల్ మీది తడి మళ్ళీ గదిలోకే వస్తుంది. మనుషులుండని పుస్తకాల గదికి డీహ్యూమిడిఫయరే సరైంది.

ఇక లీటర్ల సంగతి. డబ్బా మీద "రోజుకు 12 లీటర్లు" అన్నది చాలా కంపెనీలు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచిన లెక్క. అదే మిషన్ గది తేమ 55-60కి వచ్చాక సుమారు సగమే తీస్తుంది. అంటే 12 లీటర్లది చేతికొచ్చేసరికి 5, 6 లీటర్లది. కొనేముందు డబ్బా పక్కన ఏ డిగ్రీ, ఏ శాతం దగ్గర కొలిచారో చూడండి. అది రాయకపోతే ఆ అంకెను పట్టించుకోవద్దు.

మీ గదిలో గాలి దాదాపు 41 ఘనపు మీటర్లు. బయట 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే ఒక్కో ఘనపు మీటరు గాలిలో 23 గ్రాముల నీరుంటుంది. లోపల మీకు కావలసింది 30 డిగ్రీల దగ్గర 55 శాతం, అంటే 16.7 గ్రాములు. గదిలోని గాలి ఒక్కసారి మారితే తీయాల్సిన నీరు పావు లీటరే. కానీ గంటకోసారి మారితే రోజుకు 6 లీటర్ల పైనే. మన అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, తలుపు కింద సందు, పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం కలిపితే, మన విశాఖ సముద్రపు గాలికి గంటకోసారి మారడం పెద్ద విషయం కాదు. సందులు మూసి రెండు గంటలకోసారికి తగ్గిస్తే 3 లీటర్లు చాలు, అప్పుడు 12 లీటర్లదే నెగ్గుకొస్తుంది. మూయకపోతే 20 లీటర్లది కూడా రోజులో సగానికి పైగా నడుస్తూనే ఉంటుంది. ముందు తలుపు కింద బ్రష్ పట్టీ, కిటికీ అంచులకు ఫోమ్ టేపు వేయండి, తర్వాతే మిషన్ కొనండి.

ఇంకోటి, రెండు మూడు వేల రూపాయలకు దొరికే చిన్న పెల్టియర్ మిషన్లు బీరువా లోపలికే పనికొస్తాయి, గదికి కాదు. రోజుకు పావు లీటరు తీస్తే గొప్ప.

లాసన్స్ బే మూడో అంతస్తు
మా దాంట్లో నీళ్ళ ట్యాంకు సగమైనా నిండకముందే నేల మీద నీళ్ళు. పైపు బాత్‌రూమ్ జాలీలోకే వేశాను. మిషన్ పాడైందని ఇచ్చేశాను. తీరా చూస్తే కొత్తదానికీ అదే.

కేపిలరీ ట్యూబ్
మిషన్ నేల మీదే పెట్టి, పైపును బాత్‌రూమ్ గడప మీదుగా పోనిచ్చారా? అదే కారణం. ఈ మిషన్లలో చాలావాటికి పంపు ఉండదు, నీరు తన బరువుతోనే పోవాలి. వెనక ఉన్న డ్రెయిన్ కన్నం కంటే పైపు ఎక్కడా పైకి లేవకూడదు. గడప ఆ కన్నం కంటే ఒక అంగుళం ఎత్తున్నా అక్కడే ఆగుతుంది, వెనక్కి పొంగుతుంది.

మిషన్‌ను అడుగు ఎత్తున్న గట్టి స్టూలు మీద పెట్టండి. పైపు కిందికి వాలుతూ పోవాలి, మధ్యలో వంపులొద్దు, వంపులో నిలిచిన నీరు గాలిని అడ్డుతుంది. చివర జాలీ నీటిలో మునగకుండా రెండు వేళ్ళ పైన ఆపండి. మిషన్‌కు తగిలించే ముందు ఒక గ్లాసు నీళ్ళు పైపు పై చివరలో పోసి చూడండి, ధారగా పోవాలి. పైపులో పాకుడు పడితే ఇదే పొంగు మళ్ళీ వస్తుంది కాబట్టి నెలకోసారి వెనిగర్ నీళ్ళతో కడగాలి.

పైపు కోసం బాత్‌రూమ్ తలుపు తెరిచి ఉంచితే ఆ తడంతా గదిలోకే. తలుపు అడుగున పైపు పట్టేంత గాడి తీయించుకోండి.

సీతమ్మధార ఇన్వర్టర్
ఆ వచ్చే నీళ్ళు డిస్టిల్డే కదా, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా? అడిగినది ఇది కాదని తెలుసు, అయినా.

కేపిలరీ ట్యూబ్
వద్దు. చల్లని కాయిల్ మీద దుమ్ము, కాయిల్ లోహం, మన ఊళ్ళో ఉప్పు కూడా కలుస్తుంది. నేల తుడవడానికి, ఫ్లష్‌కి వాడుకోండి. తాగొద్దు, కూరగాయల మొక్కలకీ వద్దు.

పుస్తకాల బీరువా
40 శాతం ఎందుకండీ? అది పగలూ రాత్రీ ఆగదు, చెక్క బిగువు సడలి తలుపులు ఒంకరపోతాయి. నా లెక్క 60, కరెంటు కలిసొస్తుంది.

కేపిలరీ ట్యూబ్
40 వద్దన్నది సరే. 60కి మాత్రం ఒప్పుకోను. మిషన్ తన గాలి పీల్చే చోట కొలుస్తుంది. బీరువా వెనక గోడ చల్లగా ఉంటుంది, గాలి ఆడదు, అక్కడ అదే సమయానికి 70 ఉండొచ్చు. బూజు పట్టేది అక్కడే. 55 పెట్టి, బీరువాను గోడ నుంచి నాలుగు అంగుళాలు జరిపి, వెనక ఇంకో మీటరు పెట్టండి. అక్కడ 65 దాటకపోతే అప్పుడు 60కి పెంచుకోవచ్చు.

మీటర్లను కూడా ఊరికే నమ్మకండి. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, మీటరుతో కలిపి జిప్ కవర్లో మూయండి. ఎనిమిది, పది గంటల తర్వాత 75 చూపించాలి. 80 చూపిస్తే ఎప్పుడూ అయిదు తీసేసి చదవండి.

మిషన్ గదిని వేడి చేస్తుంది కూడా. 28 డిగ్రీల దగ్గర 80 ఉన్న గాలి, ఒక్క చుక్క నీరు తీయకుండానే, 31 డిగ్రీలకు వేడెక్కితే మీటరు 67 చూపిస్తుంది. ఆపేసి గది చల్లారగానే మళ్ళీ ఎక్కుతుంది. అందుకే శాతం కంటే ట్యాంకులో పడిన నీళ్ళే నిజమైన కొలత. మొదటి వారం గోడలు, పుస్తకాలు వదిలే తేమతో ఎక్కువ పడుతుంది, తర్వాత తగ్గాలి. తగ్గకపోతే సందుల్లోంచో, గోడలోంచో వస్తోంది.

ఎండాడ కొండవాలు
గోడ సంగతి ఎలా తెలుస్తుంది? పడమటి గోడకు సున్నం పొక్కులు, తెల్లని ఉప్పు పొడి ఉంది.

కేపిలరీ ట్యూబ్
అడుగు చదరం పాలిథిన్‌ను నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించండి. రెండు రోజులాగి చూడండి. కవరుకు గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే. గది వైపే తడి ఉంటే గాలిలోది.

ఎండాడ కొండవాలు
గోడ వైపే. చుక్కలు చుక్కలుగా.

కేపిలరీ ట్యూబ్
అయితే మిషన్ ఇప్పుడే కొనకండి. బయట గోడ పగుళ్ళు, పైన డాబా వాలు, సన్‌షేడ్ పైభాగం చూపించండి. ఆ గోడ దగ్గర గాలి ఆరేకొద్దీ వాన నీరు లోపలికే లాగుతుంది, ఉప్పు ఇంకా ఎక్కువ పొక్కుతుంది.

పుస్తకాల బీరువా
వాన మధ్యలో బయట పూత ఎవరు వేస్తారండీ? అక్టోబరు తుపానుల్లోనూ వీలుకాదు. వానలు పూర్తిగా ఆగేదాకా పుస్తకాలు ఆ గోడకు దూరంగా జరిపి, 60కే నడిపించుకోక తప్పదు.

కేపిలరీ ట్యూబ్
జరపడం వరకు ఒప్పుకుంటాను. 60 మాత్రం కాదు.