హిస్టోగ్రామ్ కుడి గోడకు తగల్లేదు, అయినా ఎర్ర గులాబీ ముద్దలా వచ్చింది. దీన్ని ఎంతవరకు నమ్మాలి?

వానచినుకు:
నిన్న మంచి ఎండలో ఎర్ర గులాబీని బాగా దగ్గరగా తీశాను. ఫ్రేమంతా పువ్వే. కెమెరా తెర మీద హిస్టోగ్రామ్, అదే చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫ్, గుట్ట నడిమికి కాస్త ఎడమగా ఉంది, కుడివైపు బోలెడు ఖాళీ. ఇంకా చోటుంది కదా అని 1/800 నుంచి 1/640కి దించి ఇంకోటి తీశాను. f/5.6, ఐఎస్ఓ 100. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే రెండింటిలోనూ రేకుల మడతలు, గీతలు ఏమీ లేవు, ఒకటే ఎర్ర ముద్ద. జెపెగ్, రా రెండూ ఉన్నాయి. హిస్టోగ్రామ్‌ను నమ్మొద్దా మరి?

మెరుపుతీగ:
రా ఉన్నప్పుడు హిస్టోగ్రామ్ గోల ఎందుకు బ్రో? తెర మీద కనిపించేది జెపెగ్ హిస్టోగ్రామ్. రా తీసినా సరే, కెమెరా లోపల ఒక చిన్న జెపెగ్ తయారుచేసుకుని దాని లెక్కే చూపిస్తుంది. కాబట్టి వీలైనంత కుడికి జరిపి తీసెయ్, ఎగిరిపోయినట్టు కనిపించినా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కిందికి లాగొచ్చు. 12 బిట్ ఫైల్‌లో 4096 మెట్లుంటే అందులో 2048 అన్నిటికంటే వెలుగున్న ఒక్క స్టాప్‌లోనే, అంటే వెలుగు చివరిసారి రెట్టింపయ్యే చోటే ఉంటాయి. ఎడమవైపు పెట్టి తీసేవాళ్లు కెమెరాలో సగం పారేసుకుంటున్నట్టే.

పాతరీలు:
వానచినుకు గారూ, ముందు ఒక్క సంగతి. మీరు చూసింది ఒకే తెల్ల గ్రాఫా, లేక ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఉన్న మూడు గ్రాఫులా? వర్ణన బట్టి తెల్లదే అనుకుంటున్నా. అక్కడే దెబ్బతిన్నారు.

తెల్ల గ్రాఫ్ మూడు రంగుల్ని కలిపి ఒక వెలుగు లెక్క కడుతుంది, సమానంగా మాత్రం కలపదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా తోస్తుంది కాబట్టి దానికి దాదాపు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 ఇవ్వడం మామూలు పద్ధతి. మీ రేకులో ఒక పిక్సెల్ తీసుకుందాం. ఎరుపు 255 దగ్గర గోడకు గుద్దుకుని ఆగిపోయింది, ఆకుపచ్చ 30, నీలం 40 అనుకోండి. లెక్క కడితే 98 పైచిలుకు వస్తుంది. 0 నుంచి 255 దాకా ఉన్న గీత మీద 98 అంటే నడిమికి కాస్త ఎడమ! మీరు చూసిన గుట్ట సరిగ్గా అదే. ఎరుపు పూర్తిగా పోయిన పిక్సెల్‌ను ఆ గ్రాఫ్ 'నడిమి వెలుగు' అని చెప్పింది. అది అబద్ధమాడలేదు, మీరు అడగని ప్రశ్నకు జవాబిచ్చింది.

మడతలు పోవడానికి కారణం కూడా ఇదే. రేకు మీద వెలుగు, నీడల తేడా దాదాపుగా ఎరుపులోనే ఉంటుంది. అది అంతటా 255 అయిపోతే మిగతా రెండింటిలో చూపించడానికి ఏమీ మిగలదు. రివ్యూ బొమ్మ మీద డిస్‌ప్లే బటన్ రెండు మూడు సార్లు నొక్కితే చాలా కెమెరాల్లో ఆర్‌జీబీ గ్రాఫులు వస్తాయి. అదే ఫొటో మీద పెట్టి చూడండి, ఎరుపు కుడి అంచున నిట్టనిలువుగా ఉంటుంది.

నిద్రలేని_పిల్లి:
నాది ఇంకో రకం. మా నల్ల పిల్లిని నల్ల సోఫా మీద తీస్తే హిస్టోగ్రామ్ మొత్తం ఎడమ గోడకు అతుక్కుపోయి ఉంది. అందరూ గుట్ట నడిమికి రావాలంటారు కదా అని రెండు స్టాపులు పెంచాను, పిల్లి బూడిద రంగులో వచ్చింది 😅 నేనేం తప్పు చేశాను?

పాతరీలు:
నడిమికి రావాలన్న మాట వినడమే తప్పు. నల్ల పిల్లి, నల్ల సోఫా అయితే గుట్ట ఎడమనే ఉండాలి. చూడాల్సింది గుట్ట ఎక్కడుందని కాదు, గోడ దగ్గర ఏం జరుగుతోందని. ఎడమ అంచుకు వచ్చేసరికి సన్నబడి దిగితే బొచ్చులో వివరం ఉన్నట్టు. గోడను గుద్దుకుని నిలువుగా లేస్తే షాడోస్ నలిగిపోయినట్టు. అప్పుడు కూడా నలిగింది సోఫా అయితే వదిలేయండి, పిల్లి ముఖం అయితే స్టాప్‌లో మూడో వంతో, మూడింట రెండు వంతులో పెంచండి. రెండు స్టాపులు చాలా ఎక్కువ.

సాయంకాలం:
గ్రాఫ్‌లో ఇంకో చిక్కు ఉందండీ, ఎవరూ చెప్పట్లేదు. ఎంత భాగం పోయిందో చెబుతుంది గానీ ఎక్కడ పోయిందో చెప్పదు. ఫ్రేమ్‌లో ఒక శాతం మాత్రమే తెల్లబడితే ఆ సన్నని గీత చిన్న తెర మీద గ్రాఫ్ చట్రం గీతలోనే కలిసిపోతుంది. ఆ ఒక్క శాతం మనిషి నుదురు కావచ్చు. అందుకే నేను మిణుకుమిణుకుమనే హైలైట్ హెచ్చరిక ఎప్పుడూ ఆన్‌లో పెడతాను. మెరిసే చెంచా మీదో, నీళ్ల మీది తళుకు మీదో మిణుకుమంటే పట్టించుకోను. చర్మం మీదో, తెల్ల చొక్కా మీదో అయితే వెంటనే తగ్గిస్తాను.

ఇంకో మాట. మాకు ఫొటోలు అక్కడికక్కడే పంపాలి, రాకు టైం ఉండదు. మెరుపుతీగ గారి సలహా వింటే నా పని అయిపోయినట్టే. ఒకసారి రాత్రిపూట తెర వెలుగు పెంచి పెట్టుకుని, ఫొటోలు కళకళలాడుతున్నాయని మురిసిపోయాను. మర్నాడు చూస్తే అన్నీ ఒకటిన్నర స్టాప్ చీకటి. ఆ రోజు గ్రాఫ్ చూసి ఉంటే అన్నీ ఎడమకు కుప్పపడ్డాయని తెలిసేది. గ్రాఫ్‌కు ఎన్ని లోపాలున్నా తెర వెలుగుతో పాటు మారిపోదు, అది చాలు నాకు.

మెరుపుతీగ:
జెపెగ్ వాళ్ల సంగతి వేరు, ఒప్పుకుంటా. కానీ రా ఉన్నవాళ్లకు నేను చెప్పింది తప్పెలా అవుతుంది?

పాతరీలు:
సగం ఒప్పు. గ్రాఫ్ జెపెగ్‌దే అన్నది నిజం. కుడికి తీస్తే లాభమన్నదీ చాలాసార్లు నిజమే. కారణం మాత్రం మీరు చెప్పిన 2048 మెట్లు కాదు. ఎక్కువ వెలుగు పడితే దానితో పోలిస్తే నాయిస్ తక్కువ, అసలు లాభం అది. అందుకే సెన్సర్ మీద నిజంగా ఎక్కువ వెలుగు పడేలా షటర్ టైం పెంచడం, అపెర్చర్ తెరవడం ఒక ఎత్తు, ఉన్న వెలుగుకే ఐఎస్ఓ పెంచి గ్రాఫ్‌ను కుడికి తోయడం ఇంకో ఎత్తు. రెండోదాంతో కొత్త వెలుగేమీ రాదు, పైగా హైలైట్స్‌కు ఉన్న చోటు తగ్గుతుంది.

ఇక 'తర్వాత లాగొచ్చు' అన్నది. ఎంత లాగొచ్చు? సెన్సర్ నిండిపోయాక లాగడానికి అక్కడ ఏమీ ఉండదు. జెపెగ్ పోయినట్టు కనిపించే చోటుకూ, సెన్సర్ నిజంగా నిండే చోటుకూ మధ్య ఉన్న ఖాళీయే మన జేబులో డబ్బు. అది కెమెరాను బట్టి, వెలుగును బట్టి మారుతుంది.

వానచినుకు:
చూశాను పాతరీలు గారూ. తెల్ల గ్రాఫే నేను చూసింది. ఆర్‌జీబీ పెడితే ఎరుపు నిజంగానే గోడెక్కి ఉంది. రా తెరిచి ఎక్స్‌పోజర్ ముక్కాలు స్టాప్ దించి, సాచురేషన్ కూడా కాస్త తగ్గిస్తే రేకుల గీతలు తిరిగొచ్చాయి! 1/640ది కూడా వచ్చింది. జెపెగ్‌లో మాత్రం పోయిందంతా పోయినట్టే.

ఆ ఊపులో రాత్రి అదే గులాబీని పసుపు బల్బు కింద తీశాను. ఎరుపు గోడకు అంతే గుద్దుకునేలా పెట్టాను, రాలో వస్తుందిలే అని. ఈసారి సగం రేకులు రాలేదు. అదే పువ్వు, అదే కెమెరా. ఎందుకిలా?

పాతరీలు:
ఇది వైట్ బ్యాలెన్స్ పని. పగటి వెలుగులో సెన్సర్‌లో ఎరుపు సంకేతం ఆకుపచ్చ కంటే బలహీనంగా వస్తుంది. తెలుపు తెల్లగా కనబడాలని కెమెరా ఎరుపును పెంచుతుంది, చాలా కెమెరాల్లో దాదాపు రెండింతలు. అంటే జెపెగ్‌లో ఎరుపు 255కు చేరేసరికి సెన్సర్‌లో అది సగమే నిండి ఉంటుంది. ఎండలో మీకు దొరికిన ఆ ముక్కాలు స్టాప్ అక్కణ్ణుంచి వచ్చింది. పసుపు బల్బు వెలుగే ఎరుపుమయం, కాబట్టి అక్కడ కెమెరా ఎరుపును పెద్దగా పెంచదు, నీలాన్ని పెంచుతుంది. గ్రాఫ్‌లో ఎరుపు గోడకు తగిలిందంటే సెన్సర్‌లోనూ దాదాపు తగిలినట్టే, జేబులో ఏమీ మిగల్లేదు. బల్బు కింద ఎర్రటి వస్తువు తీసేటప్పుడు ఎరుపు గ్రాఫ్ చివర కాస్త ఖాళీ ఉండగానే ఆగాలి.

మీ కెమెరాలో మామూలుగా ఎంత ఖాళీ ఉందో తెలుసుకోవాలంటే ఒక గంట చాలు. పగటి వెలుగు సమానంగా పడే తెల్ల గోడ, ట్రైపాడ్, మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100. ఫోకస్ కావాలనే తప్పించండి. గ్రాఫ్ నడుమ ఉన్నప్పటి నుంచి షటర్ టైం మూడో వంతు స్టాప్ చొప్పున పెంచుతూ పన్నెండు పదమూడు ఫ్రేములు తీయండి. మొదటిసారి మిణుకుమన్న ఫ్రేమ్ నంబర్ రాసుకోండి. తర్వాత ఆ రా ఫైళ్లను, సెన్సర్ లెక్కల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే RawDigger లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. మామూలు ఎడిటర్ వద్దు, అది తన సొంత సర్దుబాట్లు చేసి చూపిస్తుంది. ఆకుపచ్చ ఏ ఫ్రేమ్‌లో నిజంగా పైకప్పుకు తగిలిందో చూడండి. నా కెమెరాలో మిణుకు ఆరో ఫ్రేమ్‌కు మొదలైంది, సెన్సర్ తొమ్మిదో ఫ్రేమ్‌కు నిండింది. మూడు మెట్లు, అంటే ఒక స్టాప్. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌కు మార్చి తీస్తే తేడా రెండు మెట్లకు తగ్గింది, గ్రాఫ్ నిజానికి అంత దగ్గరైంది.

సాయంకాలం:
న్యూట్రల్ పెడితే తెర మీద బొమ్మ చప్పగా ఉంటుందండీ. పక్కన నిలబడి చూసేవాళ్లు 'ఇదేంటి ఇలా వచ్చింది' అంటారు. నాకు కుదరదు, నేను స్టాప్‌లో మూడింట రెండొంతులు తగ్గించే తీస్తాను.

మెరుపుతీగ:
గోడ, పువ్వు కదలవు కాబట్టి ఈ లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. పరిగెత్తే పిల్లాడి వెనక పడితే మూడు గ్రాఫులు ఎవడు చూస్తాడు? అక్కడ మాత్రం నేను కుడికే తీస్తా.

పాతరీలు:
పిల్లాడు ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి పరిగెడుతుంటాడు. నేనైతే ఎండ కొలతకు పెట్టి వదిలేస్తాను, నీడలో పడ్డ ఫ్రేములు తర్వాత లేపుకుంటాను. నాయిస్ వస్తుంది, ముఖం తెల్లబడటం కంటే నయం. ఈ ముక్క మీద మనిద్దరికీ కుదరదులెండి.

వానచినుకు:
గోడ పరీక్ష ఆదివారం చేస్తాను. మిణుకు ఎక్కడ, పైకప్పు ఎక్కడ, రెండు నంబర్లూ ఇక్కడే పెడతా. బల్బు కింద కూడా చేయనా?

పాతరీలు:
చేయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా ఆ బల్బుకు సరిపడా పెట్టి మొదలుపెట్టండి, లేకపోతే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ అది మారి నంబర్లు కలవవు.