ఈ బస్సుల బోర్డు రాజాం కాంప్లెక్స్‌దేనా?

అమ్మను అరసవల్లి దర్శనానికి తీసుకెళ్లాలి. మామయ్య పంపిన బస్సుల బోర్డు ఫొటోలో పైభాగం కట్ అయిపోయింది. ఏ ఊరి బోర్డో, ఎప్పుడు తీశారో ఆయనకూ గుర్తులేదు. అందులో శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, చీపురుపల్లి ఉన్నాయి, రాజాం మాత్రం లేదు. బస్సులు వెళ్లే ఊర్ల వరుసలో సొంత ఊరి పేరు రాయరు కదా, అందుకే ఇది రాజాందే అనిపిస్తోంది.

శ్రీకాకుళానికి 5.40 అని ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో ‘ఆదివారం లేదు’. అది పొద్దున్నా, సాయంత్రమా? ఆదివారం సూర్యనారాయణస్వామి గుడిలో రద్దీ ఎక్కువ, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. అయినా ఆదివారమే వెళ్దామంటోంది. ఆ బస్సు నిజంగా లేకపోతే సోమవారానికి ఒప్పిస్తాను. రాజాంలో ఉన్నవాళ్లెవరైనా ఇప్పటి బోర్డు చూసి ఈ టైమ్ ఇంకా ఉందో లేదో చెప్పగలరా?