టో గార్డ్ ఉన్నా గోరు నల్లబడింది: పిల్లలకు ముందు మూసిన శాండిల్సా, తెరిచినవా?

బాబు వాళ్ళ అమ్మ, విజయనగరం

మా బాబుకి నాలుగేళ్ళు. పోయిన నెల వీధిలో పరిగెడుతూ రాయికి ఎదురుదెబ్బ తగిలించుకున్నాడని, ముందు రబ్బరు కప్పు ఉన్న శాండిల్స్ కొన్నాం. ఆ తర్వాత ఎక్కడా తట్టుకుని పడలేదు. అయినా నిన్న స్నానం చేయిస్తుంటే కుడి బొటనవేలి గోరు కింద నల్లగా కనిపించింది. నొప్పేమీ లేదంటున్నాడు. మా అత్తయ్యగారు ముందు తెరిచిన బెల్టు చెప్పులే నయం అంటున్నారు. ఏవి కొనమంటారు?

తాతయ్య, బొబ్బిలి

మీ అత్తగారి మాటే నిజం అమ్మా. ముందు మూసేస్తే ఇసుక లోపలికి పోతుంది, బయటికి రాదు. మా మనవడి శాండిల్ సాయంత్రం దులిపితే గుప్పెడు ఇసుక రాలింది, వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. మన ఉక్కపోతకి కాలికి గాలి తగలాలి. గోరు నల్లబడిందంటే ఆ కప్పు వేలిని నొక్కేస్తోందన్నమాట, చెప్పు ఇరుకు. ఒక నంబరు పెద్దది గానీ, తెరిచినవి గానీ కొనండి.

చెప్పుల కొట్టు, శ్రీకాకుళం

ఇసుక సంగతి తాతయ్యగారు సరిగ్గా చెప్పారు. ఇరుకు అన్న దగ్గరే నాకు అనుమానం. మా నాన్నగారి కాలం నుంచీ కొట్టు మాదే. వేసవిలో నల్లగోరు పట్టుకుని వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి చెప్పు పెద్దదే అయి ఉంటుంది.

పిల్లవాడు పరిగెత్తి టక్కున ఆగినప్పుడు చెప్పు నేల మీద ఆగుతుంది, పాదం మాత్రం లోపల ముందుకు జారుతుంది. మన దగ్గర చెమటకి అట్ట జిడ్డుగా తయారవుతుంది కాబట్టి ఇంకా జారుతుంది. దాన్ని ఆపాల్సింది పాదం మీదుగా, చీలమండ దగ్గరగా పోయే పట్టీ. అది వదులైతే వేలు వెళ్ళి టో గార్డ్‌కి గుద్దుకుంటుంది. బయటి రాయి తగలకుండా ఆ కప్పు కాపాడుతుంది నిజమే, కానీ వదులు చెప్పులో అదే రాయవుతుంది. రోజుకి వందసార్లు చిన్నచిన్న దెబ్బలు తగిలితే పిల్లవాడికి నొప్పి తెలియదు, గోరు కింద మాత్రం రక్తం గడ్డకడుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చమ్మా. చెప్పు లోపలి అట్ట మీద బొటనవేలి మచ్చ చూడండి. గుండ్రంగా ఒకచోటే ఉంటే పాదం కదలడం లేదు. ముందుకి సాగిన చారలా ఉంటే జారుతోంది.

తర్వాత కొలత. సాయంత్రం పూట గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టండి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. రెండు కాళ్ళూ కొలవాలి, పెద్ద కాలి కొలతే లెక్క. దాని మీద ఒక సెంటీమీటరు కలిపి, అంత పొడవు సన్నటి కాగితం పట్టీ కత్తిరించి చెప్పులోకి తోయండి. మామూలు బూటయితే బొటనవేలితో పైనుంచి నొక్కి చూస్తాం. టో గార్డ్ రబ్బరు గట్టిగా ఉంటుంది, పైనుంచి నొక్కితే లోపల వేలెక్కడుందో తెలియదు, అందుకే కాగితం. కొలిచి ఎంత వచ్చిందో రాయండి.

పాప అమ్మ, టెక్కలి

అక్కా, మా పాపకి పదకొండు నెలలు, ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. మీరు చెప్పిన రబ్బరు కప్పు శాండిల్స్ ఇప్పుడే కొనేయనా?

చెప్పుల కొట్టు, శ్రీకాకుళం

ఇంట్లో అయితే వట్టికాళ్ళే మంచివమ్మా, వేళ్ళతో నేలని పట్టుకుని నిలబడటం నేర్చుకుంటుంది. బయట ఎండలో కాలు కాలకుండా ఒక మెత్తని జత చాలు. ఈ బరువు కప్పులవి బాగా పరిగెత్తడం వచ్చాక చూసుకోవచ్చు.

బాబు వాళ్ళ అమ్మ, విజయనగరం

కొలిచాను అండీ. కుడి పాదం 158 మిల్లీమీటర్లు, ఎడమది 156. మీరు చెప్పినట్టు 168కి పట్టీ కత్తిరించి తోస్తే, దాని ముందు ఇంకా నా వేలు పట్టేంత ఖాళీ ఉంది. ఇంకా పొడవు పట్టీ పెట్టి చూస్తే చెప్పు లోపలి పొడవు 184 తేలింది. మచ్చ కూడా మీరన్నట్టు చారలాగే ఉంది. పెరుగుతాడు కదా, వచ్చే ఏడాదికీ వస్తాయని రెండు నంబర్లు పెద్దవి కొన్నాం. పై పట్టీకున్న వెల్‌క్రో నిండా దారపు పోగులూ ఇసుకా ఉన్నాయి, లాగితే చప్పుడు లేకుండా ఊడిపోతోంది.

చెప్పుల కొట్టు, శ్రీకాకుళం

అదే కారణం. పిల్లల సైజుల్లో నంబరుకీ నంబరుకీ మధ్య తేడా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు నంబర్లు పెంచేసరికి వేలి ముందు సెంటీమీటరు ఉండాల్సిన చోట 26 మిల్లీమీటర్లు తేలింది. నాలుగేళ్ళ పిల్లవాడి పాదం ఏడాదికి అటూ ఇటూగా ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఈ వేసవి మూడు నెలల్లో రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు. లోపలి పొడవు 168, 170 మధ్యలో ఉన్న జత ఈ సీజన్‌కి సరిపోతుంది.

ముందు మూసినదే తీసుకోండి, పక్కల్లో నీళ్ళూ ఇసుకా పోయే ఖాళీలు ఉన్నది చూడండి. కప్పు పైభాగం గోటిని తాకకుండా కాస్త ఎత్తుగా ఉండాలి. పట్టీలు బిగించాక పిల్లవాణ్ణి మునివేళ్ళ మీద నిలబెట్టండి. మడమ చెప్పు లోంచి లేచిపోతే అది వద్దు. వెల్‌క్రోలో ఇరుక్కున్న పోగుల్ని పిన్నీసుతో లాగేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ తర్వాత కూడా చరచరమని చప్పుడు రాకపోతే దాని పని అయిపోయినట్టే.

గోరు కింద మీరుగా సూది పెట్టి పొడవకండి. వాచినా, నొప్పి ఎక్కువైనా డాక్టరుకి చూపించండి.

ప్రీస్కూల్ టీచర్, నరసన్నపేట

పట్టీల విషయంలో నాదొక మాట. తల్లిదండ్రులు బకిల్ మంచిదని కొంటారు. మా తరగతిలో పాతికమంది పిల్లలు, ఒక్కరికీ బకిల్ పెట్టుకోవడం రాదు. ఒంటేలుకి వెళ్ళొచ్చాక మడమ పట్టీని కింద తొక్కేసి, చెప్పు ఈడ్చుకుంటూ వస్తారు. జారుడుబల్ల మెట్లెక్కేటప్పుడు పడేది అలాంటివాళ్ళే. వెల్‌క్రో అయితే వాళ్ళే వేసుకుంటారు.

చెప్పుల కొట్టు, శ్రీకాకుళం

వేసుకోవడం వస్తుంది టీచరుగారూ, బిగించడం రాదు. నాలుగేళ్ళ పిల్లవాడు వెల్‌క్రోని అందిన చోట అతికించేస్తాడు. బకిల్ అయితే పొద్దున్న అమ్మ పెట్టిన రంధ్రంలోనే సాయంత్రం దాకా ఉంటుంది. నా మటుకు పాదం మీది పట్టీకి బకిల్, మిగతా వాటికి వెల్‌క్రో ఉన్నది ఇస్తాను.

ప్రీస్కూల్ టీచర్, నరసన్నపేట

ఆ ఒక్క బకిలే కదండీ నేను రోజుకి పాతికమందికి పెట్టాల్సింది. బడికి వెల్‌క్రోవే పంపించమంటాను.

తాతయ్య, బొబ్బిలి

పెద్దదని నేను అనుకోలేదమ్మా, ఒక నంబరు పెంచమన్న నా మాట వినకండి. ఒక్కటి మాత్రం చెప్పాలి. టో గార్డ్ ఉంది కదా అని ధైర్యంగా సైకిలు వెనక కూర్చోబెట్టుకోకండి. మా వీధిలో ఒక పిల్లకి పుల్లల్లో పడింది మడమ. ముందు కప్పు చెక్కు చెదరలేదు, వెనక చర్మం లేచిపోయింది. వెనక చక్రానికి జాలీ కట్టించాల్సిందే.

బాబు వాళ్ళ అమ్మ, విజయనగరం

జాలీ సంగతి మా వారికి చెప్పాను తాతయ్యగారూ. సాయంత్రం కాగితం పట్టీ పర్సులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాం. మూడు జతలు చూస్తే ఒకదానిలోనే సరిగ్గా పట్టింది, అది వెల్‌క్రోదే. వచ్చే ఆదివారం కళింగపట్నం బీచ్‌కి వెళ్తున్నాం. అక్కడ కూడా ఇవే వేయాలా? ఇసుకలో వెల్‌క్రో ఎంతసేపు పట్టి ఉంటుందో అని టెన్షన్.

తాతయ్య, బొబ్బిలి

ఇసుకలో తెరిచినవే వేయండమ్మా, అక్కడ రాళ్ళేం తగులుతాయి!

చెప్పుల కొట్టు, శ్రీకాకుళం

గవ్వలూ సీసా పెంకులూ ఉంటాయి తాతయ్యా. ఇవే వేసి, గంటకోసారి విప్పి దులపండి.