నైట్ డ్యూటీ మెయిల్‌లో ‘యూజ్డ్ టు’: ఏది రాయాలి?

లీడ్స్ నుంచి, కొత్తగా వచ్చిన నర్సు:
అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీలు చేయగలవా అని మా వార్డు మేనేజర్ అడిగితే "ఐ యూజ్డ్ టు వర్క్ నైట్స్" అని మెయిల్ పెట్టాను. గుంటూరులో చేసేదాన్ని కాబట్టి నాకు అలవాటే అని చెప్పాలనుకున్నా. ఆవిడేమో "మరి ఎందుకు మానేశావు?" అన్నారు. "ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ నైట్స్" అని మార్చి పంపితే సరిపోతుందా?

బర్మింగ్‌హామ్ నుంచి:
వర్క్ కాదు చెల్లీ, వర్కింగ్. ముందు యామ్, ఈజ్, ఆర్ ఏది వచ్చినా వెనక ఎప్పుడూ ‘ఇంగ్’ పెట్టెయ్. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

స్లౌ నుంచి:
నైట్స్‌కి అలవాటు పడాలంటే ముందు మందపాటి కర్టెన్లు కొనుక్కోమ్మా. జూన్‌లో ఇక్కడ 5 కాకముందే తెల్లారిపోతుంది, డ్యూటీ దిగొచ్చాక నిద్ర పట్టదు. మా ఆవిడ మొదటి వేసవి అంతా అవస్థ పడింది.

ఎడిన్‌బరా నుంచి, ఇంగ్లిష్ టీచర్:
కర్టెన్ల మాట నిజమేనండి, కానీ అమ్మాయి అడిగింది వాక్యం గురించి. వర్కింగ్ అనేది సరైనదే. అయితే ‘ఎప్పుడూ’ అనకండి. "దిస్ పంప్ ఈజ్ యూజ్డ్ టు గివ్ ఇన్సులిన్" అన్నప్పుడు ముందు ఈజ్ ఉన్నా వెనక గివ్ అనే రావాలి. అక్కడ పంపుకి అలవాటు కాలేదు, దాన్ని వాడుతున్నారు. చెవికీ తేడా తెలుస్తుంది: వాడకం అయితే ‘యూజ్డ్’ అని జకారం పలుకుతుంది, మిగతా రెండు చోట్లా ‘యూస్టు’ అనే వినిపిస్తుంది.

రాసే ముందు ఇలా చూసుకోమ్మా. ‘టు’ తర్వాత ఉన్నదంతా తీసేసి ‘ఇట్’ పెట్టు. "ఐ యామ్ యూజ్డ్ టు ఇట్" నిలబడుతుంది. అంటే అక్కడ నామవాచకం పడుతుంది, క్రియ కావాలంటే వర్కింగ్ అనే రావాలి. "ఐ యూజ్డ్ టు ఇట్" నిలబడదు, కాబట్టి అక్కడ ఉత్త వర్క్. ఈ రెండోది ‘ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు లేదు’ అనే అర్థం ఇస్తుంది. మీ మేనేజర్‌కి వచ్చిన సందేహం అదే. మనవాళ్లు రోజూ చేసే పనికి కూడా "ఐ యూజ్డ్ టు గో డెయిలీ" అంటుంటారు. ఇక్కడివాళ్లకి అది మానేసిన పనిగానే వినిపిస్తుంది. అలాంటి చోట "ఐ గో డెయిలీ" చాలు.

లీడ్స్ నుంచి:
"ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్. ఐ వర్క్‌డ్ దెమ్ ఇన్ గుంటూరు" అని పంపుతున్నా మేడమ్. మరి ప్రశ్నలో ‘డిడ్ యూ యూజ్ టు’ అనాలా, ‘యూజ్డ్ టు’ అనాలా?

ఎడిన్‌బరా నుంచి:
డిడ్ వచ్చింది కాబట్టి నేను ‘యూజ్ టు’ అనే రాయిస్తాను. పలికేటప్పుడు రెండూ ఒకటే.

బర్మింగ్‌హామ్ నుంచి:
మా ఆఫీసులో తెల్లవాళ్లే ‘డిడ్ యూ యూజ్డ్ టు’ అని రాస్తారు మేడమ్. వాళ్లదీ తప్పేనంటారా?